బీపీ 130 ఉంటే కంట్లో 'గ్రేడ్ 2' అని ఎందుకు రాశారు?

ప్రశ్న: నాన్నగారికి 56 ఏళ్ళు. దగ్గరి చూపు అద్దాలు మార్పిద్దామని తీసుకెళ్తే చుక్కలు వేసి, రెటీనా ఫోటో తీసి, రెండు కళ్ళకీ 'హైపర్‌టెన్సివ్ రెటినోపతీ, గ్రేడ్ 2' అని రాశారు. ఆయన అమ్లోడిపిన్ 5 రోజూ వేసుకుంటారు. ఇంట్లో చూస్తే 130/82 దగ్గరే ఉంటోంది. చూపుకి ఇబ్బందేమీ లేదు. షుగర్ లేదు. బీపీ కంట్రోల్‌లో ఉంటే కంట్లో ఇలా ఎందుకొస్తుంది? దీనికి చుక్కల మందో లేజరో ఏమైనా ఉందా?

జవాబు:

చివరి ప్రశ్నకి ముందు చెప్తాను. చుక్కల మందు లేదు, లేజర్ అక్కర్లేదు. గ్రేడ్ 2కి కంట్లో చేసే వైద్యమంటూ ఏమీ లేదండీ. ఎవరైనా 'నరాల బలానికి' అని ఖరీదైన విటమిన్ బిళ్ళలు రాస్తే వాటి వల్ల ఆ రక్తనాళాలు మారవు.

ఇక బీపీ మిషన్ ఒకటి చెప్తుంటే కన్ను ఇంకొకటి చెప్తోందన్న మీ అనుమానం. రెండూ నిజమే కావచ్చు. మిషన్ చెప్పేది పట్టీ కట్టిన ఆ నిమిషం సంగతి. మీ నాన్నగారి రెటీనాలో కనిపించింది గడిచిన కొన్నేళ్ళ సంగతి. రెటీనాలో బీపీ గుర్తులు రెండు రకాలు. కొన్ని ఏళ్ళ తరబడి ఏర్పడి అలాగే ఉండిపోతాయి, కొన్ని ఈ వారాల్లో పుట్టి మళ్ళీ మాయమవుతాయి. ఫోటోలో ఉన్నవి ఏ రకానివి అన్నదే అసలు విషయం. 'గ్రేడ్ 2' అన్న మాట చూస్తే మొదటి రకానివని తెలుస్తోంది.

మేం కంట్లో చూసేదేమిటో చెప్తే ఇది సులువుగా అర్థమవుతుంది. రెటీనాలో రక్తనాళపు గోడ మామూలుగా పారదర్శకంగా ఉంటుంది. మాకు కనబడే ఎర్రటి గీత నిజానికి నాళం కాదు, దాని లోపల పారే రక్తం. ధమని సన్నగా, కాస్త లేత ఎరుపులో ఉంటుంది. సిర వెడల్పుగా, ముదురుగా ఉంటుంది. వెడల్పుల నిష్పత్తి సుమారు 2:3. బీపీ పెరిగినప్పుడు ధమని మొదట చేసే పని బిగుసుకోవడం. లోపలి సున్నితమైన కేశనాళికల మీదికి అంత ఒత్తిడి వెళ్ళకుండా అది తనను తాను ముడుచుకుంటుంది. అప్పుడు గీత ఇంకా సన్నబడి కనిపిస్తుంది. ఇది రోగం అనేకంటే రక్షణ అనడమే న్యాయం.

ఆ బిగింపు ఏళ్ళ తరబడి సాగితే గోడ మందమవుతుంది, గట్టిపడుతుంది. గోడ పారదర్శకత తగ్గి, వెలుగు పడినప్పుడు నాళం మధ్యలో మెరుపు వెడల్పవుతుంది. అది రాగి తీగలా ఉంటే ఒక దశ, ఇంకా ముదిరి వెండి తీగలా తెల్లబడితే మరో దశ. ఈ రంగుల మీద ఇద్దరు డాక్టర్లని అడిగితే రెండు రకాలుగా చెప్పే అవకాశం చాలా ఎక్కువ. అందుకే నేను వాటి కంటే ధమని, సిర ఒకదాన్నొకటి దాటే చోట్లు ముందు చూస్తాను.

ఆ కూడలిలో రెండింటికీ కలిపి బయట ఒకటే తొడుగు ఉంటుంది. ఎక్కువ చోట్ల ధమని పైన, సిర కింద. పొలంలో మెత్తటి రబ్బరు గొట్టం మీదుగా గట్టి ప్లాస్టిక్ పైపు వేసి రెండింటినీ కలిపి తాడుతో కడితే ఏమవుతుందో, ఇక్కడా అదే అవుతుంది. గట్టిపడిన ధమని కింద సిర నొక్కుకుపోయి, కూడలికి రెండు వైపులా కోసుగా సన్నబడి కనిపిస్తుంది. దీన్ని ఏవీ నిక్కింగ్ అంటారు. గ్రేడ్ 2 అని రాశారంటే దాదాపుగా ఇది చూసే రాసి ఉంటారు.

ఇది రాత్రికి రాత్రి రాదు, బీపీ దిగాక వెనక్కీ పెద్దగా పోదు. అమెరికాలో వేలమందికి రెటీనా ఫోటోలు తీసి, వాళ్ళ పాత బీపీ రీడింగులతో పోల్చిన పెద్ద అధ్యయనాలు ఉన్నాయి. వాటిలో తేలింది ఇదే. ధమనులన్నీ సన్నబడటం, కూడలి దగ్గర సిర నొక్కుకోవడం అన్న రెండు గుర్తులు ఇవాళ్టి బీపీతోనే కాదు, కొన్నేళ్ళ కిందటి బీపీతో కూడా ముడిపడి ఉన్నాయి. రక్తపు చారలు, తెల్లటి దూది మచ్చలు మాత్రం ప్రధానంగా ఇప్పటి బీపీతో ముడిపడ్డాయి.

కాబట్టి మీ నాన్నగారిని అడగాల్సింది ఒకటుంది. బిళ్ళ మొదలుపెట్టే నాటికి బీపీ ఎంత ఉంది, అంతకు ముందు ఎన్నేళ్ళు చూపించుకోకుండా ఉన్నారు? మధ్యలో 'నార్మల్ వచ్చేసిందిగా' అని మానేసిన రోజులున్నాయా? నా దగ్గరికి వచ్చేవాళ్ళలో పాతిక మందిని అడిగితే ఇరవై మంది ఏదో ఒకప్పుడు మానేసినవాళ్ళే ఉంటారు (ఇది లెక్కగట్టి చెప్పిన మాట కాదు, అలవాటు మీద చెప్పిన మాట). కంట్లో ఉన్నది ఆ కాలపు బాకీ కావచ్చు.

గ్రేడ్ల గురించి కూడా కొంచెం తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే ఆ అంకె చూసి జనం అనవసరంగా భయపడతారు, లేదా అనవసరంగా ధైర్యపడతారు. ఈ నాలుగు గ్రేడ్లు 1939లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో కీత్, వాగనర్, బార్కర్ అనే ముగ్గురు డాక్టర్లు పెట్టినవి. స్థూలంగా మొదటిది ధమనులు కొద్దిగా సన్నబడటం, రెండోది కూడలి దగ్గర సిర నొక్కుకోవడం, మూడోది రక్తపు చారలు, దూది మచ్చలు, నాలుగోది వీటితోపాటు కంటి నరం మొదలు, అంటే ఆప్టిక్ డిస్క్, ఉబ్బడం. అప్పట్లో బీపీకి పనిచేసే మందులు లేవు. మూడేళ్ళ తర్వాత బతికున్నవాళ్ళు మొదటి గ్రేడులో సుమారు 70 శాతం, నాలుగో గ్రేడులో 6 శాతం. ఆ అంకెలు ఇప్పటివాళ్ళకి వర్తించవు, కానీ మూడుకీ రెండుకీ మధ్య ఉన్న గీత మాత్రం నేటికీ గట్టిదే. ఒకటికీ రెండుకీ మధ్య గీతే మసక. అందుకే 2004 నుంచి చాలామంది స్వల్ప, మధ్యస్థ, తీవ్ర అన్న మూడు మెట్లే వాడుతున్నారు, ఒకటీ రెండూ కలిపి 'స్వల్ప'లో పడతాయి. మీ రిపోర్టులో 2 బదులు 1 అని ఉన్నా నా సలహా మారేది కాదు. 3 అని ఉంటే మాత్రం ఇంత తీరిగ్గా రాసేవాణ్ణి కాదు.

ఆ తేడా ఎలా ఉంటుందో ఒక కేసు చెప్తాను. గుర్తుపట్టే వివరాలు తీసేశాను. ఎరువుల షాపు నడిపే మనిషి, 44 ఏళ్ళు. దగ్గర అక్షరాలు కనపడట్లేదు, ఎడమ కన్ను కొంచెం పొగమంచులా ఉంది, అద్దాలు ఇవ్వమని వచ్చారు. బీపీ ఎప్పుడూ చూపించుకోలేదు. పొద్దున లేవగానే తలనొప్పి ఉంటే నొప్పి బిళ్ళ వేసుకుంటున్నారు.

మా దగ్గర అద్దాలు చూసే అమ్మాయి కుడి కన్ను 6/9, ఎడమ కన్ను 6/12 అని రాసింది. ఏ పవర్ పెట్టినా ఎడమది మెరుగవలేదు. చిన్న రంధ్రమున్న అట్ట పెట్టి చూపించినా, అదే పిన్‌హోల్, మెరుగవలేదు. పిన్‌హోల్‌తో కూడా మెరుగవని చూపు అద్దాలతో బాగుపడే చూపు కాదు. తను అక్కడే ఆపి చుక్కలు వేయించింది. అద్దాల షాపులో కంప్యూటర్ పరీక్ష చేయించుకుని ఉంటే పవర్ కాస్త పెంచి పంపేసేవారు.

చుక్కలు పనిచేశాక లోపల చూస్తే రెండు కళ్ళలోనూ డిస్క్ అంచులు చెరిగిపోయి ఉన్నాయి. చుట్టూ దువ్వెన పళ్ళు గీసినట్టు సన్నటి రక్తపు చారలు. అవి అలా చారల్లాగే ఎందుకుంటాయంటే, రక్తం రెటీనా పైపొరలో, నరపు తంతువుల మధ్య చిమ్ముతుంది కాబట్టి ఆ తంతువుల దారినే పరుచుకుంటుంది. షుగర్ వల్ల వచ్చేవి ఎక్కువగా లోపలి పొరల్లో పుడతాయి, కాబట్టి చుక్కల్లా, మచ్చల్లా గుండ్రంగా ఉంటాయి. చారల మధ్య తెల్లటి దూది మచ్చలు ఏడెనిమిది. అక్కడ చిన్న ధమని మూసుకుపోయి, ఆ తంతువుల్లో రవాణా ఆగి, సరుకు పేరుకుని ఉబ్బిందన్నమాట. ఎడమ కంటి మాక్యులా, అంటే రెటీనా నడిభాగం, చుట్టూ పసుపు గీతలు సగం నక్షత్రంలా మొదలయ్యాయి. నాళాల నుంచి కారిన కొవ్వు అక్కడ చేరుతుంది. ఆయన చెప్పిన పొగమంచు అదే.

రెండు డిస్కులూ ఉబ్బితే చాలాచోట్ల ముందు మెదడు స్కానింగ్ రాస్తారు. మెదడులో ఒత్తిడి పెరిగినా ఇలాగే ఉంటుంది కాబట్టి అది తప్పు కాదు, కానీ దానికంటే ముందు చేతికి బీపీ పట్టీ కట్టాలి. నిమిషంలో తేలుతుంది. ఆయనకి 216/128 వచ్చింది, రెండో చేతికి కూడా దాదాపు అంతే.

ఇక్కడ మేం ఏం చేయలేదో చెప్పడం కూడా ముఖ్యం. నాలుక కింద బిళ్ళ పెట్టి గబగబా దించలేదు. అంత ఒత్తిడికి అలవాటుపడిన మెదడు, కంటి నరం రక్తనాళాలు బిగుసుకుని ఉంటాయి. ఒక్కసారిగా ఒత్తిడి పడిపోతే వాటికి రక్తం అందక పక్షవాతమో, శాశ్వతంగా చూపు పోవడమో జరగొచ్చు. మొదటి గంటల్లో సగటు పీడనాన్ని నాలుగో వంతు కంటే ఎక్కువ దించరు. ఆయన విషయంలో అంటే మొదట 165/100 ప్రాంతానికి, అక్కడి నుంచి నెమ్మదిగా కిందికి. ఇది ఆసుపత్రిలో, చూస్తూ చేయాల్సిన పని. అందుకని ఫిజీషియన్‌కి ఫోన్ చేసి, ఆ సాయంత్రమే చేర్పించాం. మూత్రంలో ప్రొటీన్ బాగా పోతోంది, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.1కి పెరిగి ఉంది. బీపీ కిడ్నీని పాడుచేసిందా, కిడ్నీ జబ్బే బీపీని పెంచిందా అన్నది తర్వాత కిడ్నీ డాక్టర్లు తేల్చుకోవాల్సిన విషయం. కానీ ఆ వయసులో ఇంత బీపీ ఉంటే కారణం వెతకాల్సిందే.

ఆరు వారాల తర్వాత వచ్చినప్పుడు బీపీ 138/86. రక్తపు చారలు దాదాపు పోయాయి, దూది మచ్చలు రెండే మిగిలాయి, డిస్క్ అంచులు తేరుకుంటున్నాయి. నక్షత్రం మాత్రం ముందుకంటే స్పష్టంగా ఉంది! ఆయన ఫోటోలు పక్కపక్కన చూసి 'పెరిగింది కదండీ' అని కంగారుపడ్డారు. అది పెరగడం కాదు. నీరు ముందు ఇంకిపోతుంది, కొవ్వు మిగిలి కొన్నాళ్ళు ఇంకా చిక్కగా కనిపిస్తుంది. అది కరగడానికి నెలలు పడుతుంది. ఏడాది తిరిగేసరికి అదీ పోయింది, ఎడమ కంటి చూపు 6/9కి వచ్చింది. మిగిలినవి ఏమిటంటే సన్నబడిన ధమనులు, కూడళ్ళ దగ్గర నొక్కులు, ఎడమ డిస్క్‌లో కొంచెం పాలిపోవడం. ఇప్పుడు ఆయన్ని కొత్తగా చూసిన డాక్టర్ ఎవరైనా రిపోర్టులో రాసేది 'గ్రేడ్ 2' అనే. చేతికి చూస్తే బీపీ నార్మల్. మీ నాన్నగారి కాగితం మీదున్న మాటే అది, వెనక కథలు మాత్రం వేరు కావచ్చు.

చూపుకి ఇబ్బంది లేకపోవడం గురించి. మనం చదవడానికి, మొహాలు గుర్తుపట్టడానికి వాడేది మాక్యులా నడిబొడ్డున ఉండే చిన్న చోటు. దాన్ని తాకనంతవరకు మిగతా రెటీనాలో చారలున్నా మచ్చలున్నా మనిషికి తెలియదు. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. అందుకే ఇది ఎప్పుడూ వేరే పని మీద వెళ్ళినప్పుడే దొరుకుతుంది. అయితే 'కంటి పరీక్ష చేయించాం' అన్నదాన్ని బట్టి లోపల చూశారని అనుకోకూడదు. తెలంగాణలో 2018లో మొదలైన కంటి వెలుగు లాంటి శిబిరాల్లో ప్రధానంగా చూసేది చూపు, ఇచ్చేది అద్దాలు. లక్షలమందికి అది మేలు చేసింది, కానీ అక్కడ అద్దాలొచ్చాయంటే రెటీనా చూసినట్టు కాదు. డాక్టర్ చుక్కలు వేసి లోపల చూడాలి, లేదా కనీసం రెటీనా ఫోటో తీయాలి. బీపీ గుర్తుల్లో ముఖ్యమైనవన్నీ డిస్క్ చుట్టుపక్కలే ఉంటాయి కాబట్టి మంచి ఫోటో ఒకటి చాలావరకు సరిపోతుంది.

చుక్కల గురించి ఒక చిన్న మాట. కంటిపాప విప్పార్చే మందుల్లో కొన్నింటిలో ఫినైలెఫ్రిన్ కలుపుతారు. ఎక్కువ గాఢత, అంటే 10 శాతం ఉన్నది, కొందరిలో బీపీ పెంచుతుంది. వెళ్ళగానే 'నాన్నగారికి బీపీ ఉంది' అని చెప్పండి, ఉత్త ట్రోపికమైడ్ వేస్తారు. నాలుగైదు గంటలు మసగ్గా ఉంటుంది, బండి మీరు నడపండి.

కంటి పరీక్ష అన్నీ చెప్పేస్తుందని కూడా అనుకోవద్దు. బీపీ ఉన్న చాలామందికి రెటీనా శుభ్రంగా ఉంటుంది, కాబట్టి కన్ను బాగుందని బీపీ చూపించుకోవడం మానకూడదు. అటు బీపీ లేనివాళ్ళకి కూడా వయసుతో ధమనులు కొంత సన్నబడతాయి. ఒక కంట్లోనే ఎక్కువగా ఉంటే బీపీని ఒక్కదాన్నే కారణమనుకోకుండా, అక్కడి సిర ఏదైనా మూసుకుపోయిందేమో, మెడలోని ధమనుల్లో తేడా ఉందేమో చూస్తాం. మీవాళ్ళకి రెండు కళ్ళలోనూ ఒకేలా ఉందన్నారు, షుగర్ లేదన్నారు, కాబట్టి బీపీ అన్నదే సబబైన మాట.

ఇక మీరు చేయాల్సిన పని. 130/82 ఎప్పుడు చూసింది? బిళ్ళ వేసుకున్నాక మధ్యాహ్నం చూసిందైతే నాకు దాని మీద అంత నమ్మకం లేదు. ఏడు రోజులు, పొద్దున బిళ్ళ వేసుకోకముందు, మళ్ళీ రాత్రి, అయిదు నిమిషాలు కూర్చున్నాక, నిమిషం తేడాతో రెండేసి సార్లు చూసి రాయండి. మొదటి రోజువి కొట్టేసి మిగతావాటి సగటు తీయండి. ఇంట్లో సగటు 135/85 దాటితే కంట్రోల్‌లో లేనట్టే. పట్టీ ఆయన చేతికి సరిపోయేదిగా ఉండాలి, లావు చేతికి చిన్న పట్టీ కడితే అంకె ఎక్కువ చూపిస్తుంది. పగలు బాగుండి రాత్రిపూట దిగనివాళ్ళు కూడా ఉంటారు. నాన్నగారు గట్టిగా గురకపెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టయ్యి, పగలు కునుకుతుంటే అది డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. అలాంటప్పుడు 24 గంటల బీపీ మిషన్ కట్టి చూడటం ఉపయోగం. మోకాళ్ళ నొప్పులకి రోజూ నొప్పి బిళ్ళలు వేసుకుంటుంటే అదీ చెప్పండి, అవి బీపీని పైకి తోస్తాయి.

ఆ రిపోర్టు తీసుకుని ఫిజీషియన్ దగ్గరికి వెళ్ళండి. రెటీనాలో గుర్తు పడిందంటే అదే ఒత్తిడి కిడ్నీ మీదా గుండె మీదా కూడా పడి ఉంటుంది. అందుకని క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, ఈసీజీ, షుగర్, కొలెస్ట్రాల్ అడుగుతారు. మూత్రంలో ఆల్బుమిన్ పోతుంటే, అమ్లోడిపిన్ ఒక్కదానితో సరిపెట్టకుండా కిడ్నీని కూడా కాచే మందు ఏదైనా కలుపుతారు. మందు పెంచాలా వద్దా అన్నది కంట్లో ఉన్న పాత గుర్తుని బట్టి కాదు, ఈ రీడింగులని, పరీక్షలని బట్టి నిర్ణయిస్తారు.

ఆ ఫోటో కాపీ పెన్‌డ్రైవ్‌లోనో ఫోన్‌లోనో అడిగి తీసుకోండి, 'గ్రేడ్ 2' అన్న అక్షరాల కంటే అది ఎక్కువ పనికొస్తుంది. ఏడాదికి మళ్ళీ తీయించి పక్కపక్కన పెట్టి చూడొచ్చు. ఈలోగా ఒక కంట్లో హఠాత్తుగా పైసగమో కిందిసగమో మసకబారితే ఏడాది ఆగొద్దు. ఆ నొక్కుకున్న కూడలి దగ్గరే సిర మూసుకుపోయే ప్రమాదం ఉంది. దానికి మాత్రం కంట్లో ఇంజెక్షన్లు, అవసరమైతే లేజర్, అన్నీ ఉన్నాయి, తొందరగా వస్తే ఫలితమూ బాగుంటుంది. ఒక్కో కన్ను విడిగా మూసి చూసుకోమనండి. రెండూ తెరిచి ఉంటే బాగున్న కన్ను రెండోదాని లోటు కప్పేస్తుంది, వారాల తరబడి తెలియదు.